తెలుగు వ్యాకరణ వర్క్‌షీట్: కాలానికీ కర్తకూ సరిపోయే క్రియ రాయడం, ప్రతి జవాబుకూ కారణం చెప్పడం

తెలుగు మాట్లాడేవాళ్ళకి ఖాళీలో సరైన క్రియ రాయడం పెద్ద కష్టం కాదు. చెవికి ఏది బాగుంటే అది రాసేస్తాం, చాలాసార్లు అది సరిపోతుంది కూడా. చిక్కల్లా దాని కింద ఉండే రెండో గీతతోనే. ‘కారణం రాయండి’ అని అడిగితే ‘అలాగే అంటాం కాబట్టి’ అని రాసేవాళ్ళే ఎక్కువ. దానికి మార్కు రాదు. పైగా చెవి మోసం చేసే వాక్యాలు నాలుగైదు ప్రతి వర్క్‌షీట్‌లోనూ ఉంటాయి. కారణం తెలియకపోతే అక్కడ జవాబు కూడా తప్పుతుంది.

ఇక్కడ పది ఖాళీలున్న ఒక వర్క్‌షీట్ తీసుకుని మొదటి నుంచి చివరి వరకూ పూర్తి చేద్దాం. ముందు వాక్యాలు చూడండి. వీలైతే పెన్సిల్‌తో మీ జవాబులు రాసుకుని తర్వాత చదవండి.

1. సూర్యుడు తూర్పున ______. (ఉదయించు)
2. మూడు రోజులుగా వాన ______. (కురియు)
3. నేనూ మా చెల్లీ నిన్న గ్రంథాలయానికి ______. (వెళ్ళు)
4. పిల్లి పిల్లలు ఇప్పుడు మెట్ల మీద ______. (ఆడు)
5. తాతగారు రోజూ ఉదయం పత్రిక ______. (చదువు)
6. అమ్మాయిల జట్టు నిన్నటి పోటీలో ______. (గెలుచు)
7. పొయ్యి మీద పెట్టిన పాలు ఇందాకే ______. (పొంగు)
8. మా అన్నయ్యకు ఇద్దరు కూతుళ్ళు ______. (ఉండు)
9. రేపు వాన వస్తే మేము ఆటకు ______. (వెళ్ళు, వ్యతిరేకార్థంలో)
10. నిన్న ఎంత పిలిచినా వాళ్ళు ______. (వచ్చు, వ్యతిరేకార్థంలో)

మొదటి అడుగు: క్రియను మూడు ముక్కలుగా చూడండి

ఖాళీలు నింపే ముందు ఒక్క క్రియను విడదీసి చూస్తే మిగతా పని తేలికవుతుంది. ‘చదువుతున్నాడు’ అనే మాట తీసుకోండి. ముందు ‘చదువు’ ఉంది, అది పని పేరు. మధ్యలో ‘తున్నా’ ఉంది, అది కాలం చెబుతుంది. చివర ‘డు’ ఉంది, అది ఎవరు చేస్తున్నారో చెబుతుంది. ఇప్పుడు నడిమి ముక్క మాత్రం మార్చండి: చదివాడు, చదువుతాడు. కాలం మారింది, మనిషి మారలేదు. ఈసారి తోక మాత్రం మార్చండి: చదువుతున్నాను, చదువుతున్నావు, చదువుతున్నారు. మనిషి మారాడు, కాలం అలాగే ఉంది.

కాబట్టి ప్రతి ఖాళీలోనూ నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. నడిమి ముక్క ఏది, తోక ఏది? కారణం కూడా ఈ రెంటికీ విడివిడిగా రాయాలి. ఒక్కదానికే రాస్తే సగం కారణమే రాసినట్టు.

తోకలు ఇవీ:

| కర్త స్థానంలో | తోక | ఉదాహరణ |
|---|---|---|
| నేను | ను | చదివాను |
| మేము, మనం | ము | చదివాము |
| నువ్వు | వు | చదివావు |
| మీరు | రు | చదివారు |
| అతను, వాడు | డు | చదివాడు |
| ఆమె, అది | ది | చదివింది |
| వాళ్ళు, వారు | రు | చదివారు |
| అవి | యి | చదివాయి |

పట్టికలో గమనించాల్సింది ఆఖరి నాలుగు వరుసలు. ఒక్కరైనప్పుడు మగవాళ్ళకు ‘డు’, మిగిలిన అందరికీ, అన్నిటికీ ‘ది’. అంటే స్త్రీలకూ వస్తువులకూ జంతువులకూ ఒకటే తోక. బహువచనంలో ఈ సర్దుబాటు మారిపోతుంది. అక్కడ మనుషులంతా ఒక వైపు ‘రు’తో, మనుషులు కానివన్నీ మరో వైపు ‘యి’తో ఉంటాయి. ‘అమ్మాయి పాడింది’లో ‘ది’ ఉన్నా, ‘అమ్మాయిలు పాడారు’లో ‘రు’ రావడం ఇందుకే. బడి పుస్తకాల్లో మగవారి పేర్లను మహద్వాచకాలు అనీ, స్త్రీల పేర్లను మహతీవాచకాలు అనీ, మిగతావాటిని అమహద్వాచకాలు అనీ అంటారు. కారణం రాసేటప్పుడు ఈ మాటలు వాడితే క్లుప్తంగా తేలిపోతుంది.

ఇంట్లో మాట్లాడే యాస వేరు కదా అని టెన్షన్ అక్కర్లేదు. వచ్చాడు, వచ్చినాడు, వచ్చిండు అనే మూడు రూపాల్లోనూ తోక ‘డు’నే. మారింది నడిమి ముక్క. వర్క్‌షీట్‌లో మాత్రం పాఠ్యపుస్తకంలో వాడే రూపమే రాయండి.

రెండో అడుగు: కాలం చెప్పే మాట కింద గీత గీయండి

నిన్న, రేపు, ఇప్పుడు, రోజూ లాంటి మాట వాక్యంలో ఎక్కడుందో వెతికి దాని కింద గీత గీయండి. మూడో వాక్యంలో ‘నిన్న’, నాలుగో వాక్యంలో ‘ఇప్పుడు’, ఏడో వాక్యంలో ‘ఇందాకే’ సూటిగా కనిపిస్తాయి. వీటి దగ్గర ఆగాల్సిన పని లేదు.

ఆగాల్సింది రెండో వాక్యం దగ్గర. ‘మూడు రోజులు’ అనగానే గడిచిపోయిన రోజులు గుర్తొచ్చి ‘కురిసింది’ అని రాస్తారు. కానీ అక్కడున్న మాట ‘మూడు రోజులుగా’. ఆ చివరి ‘గా’ని పట్టుకోండి. అదే మూడు రోజులకు వేరే వేరే చేర్పులు పెట్టి చూస్తే కాలం ఎలా మారుతుందో తెలుస్తుంది.

మూడు రోజుల క్రితం వాన కురిసింది.
మూడు రోజుల్లో వాన కురుస్తుంది.
మూడు రోజులుగా వాన కురుస్తోంది.

‘క్రితం’ అంటే అయిపోయింది, ‘రోజుల్లో’ అంటే ఇంకా జరగాలి, ‘రోజులుగా’ అంటే అప్పుడు మొదలై ఇంకా ఆగలేదు. ఆగని పనికి వర్తమానమే రావాలి. అందుకే రెండో ఖాళీలో ‘కురుస్తోంది’.

ఇక్కడే ఇంకో చిన్న మెలిక ఉంది. ‘కురుస్తోంది’, ‘కురుస్తుంది’ రెండూ ఒకటేనా? మాటల్లో చాలామంది రెండింటినీ కలిపేస్తారు. రాతలో మాత్రం తేడా పాటించాలి. ‘తోంది’ అంటే ఇప్పుడు జరుగుతున్నది. ‘తుంది’ అంటే ఇక ముందు జరిగేది, లేదా ఎప్పుడూ జరిగేది. ‘పాప నిద్రపోతోంది’ అంటే చప్పుడు చేయొద్దని. ‘పాప తొమ్మిదింటికి నిద్రపోతుంది’ అంటే రోజూ ఉండే అలవాటు. మగవారి విషయంలో ఈ గందరగోళం రాదు, ఎందుకంటే ‘పోతున్నాడు’, ‘పోతాడు’ వినడానికే వేరుగా ఉంటాయి. అనుమానం వస్తే కర్తను కాసేపు ‘అతను’గా మార్చి చూడండి. అక్కడ ‘తున్నాడు’ వస్తే ఇక్కడ ‘తోంది’ రాయాలి, అక్కడ ‘తాడు’ వస్తే ఇక్కడ ‘తుంది’ రాయాలి.

మొదటి వాక్యంలో కాలం చెప్పే మాటే లేదు. అలా లేకపోవడమే గుర్తు. సూర్యుడు తూర్పున ఉదయించడం నిన్నటికీ రేపటికీ ఒకటే కాబట్టి ఇది తద్ధర్మకాలం. ఎప్పుడూ ఉండే స్వభావాన్నీ, అలవాటునీ చెప్పేది అదే. రూపం చూస్తే భవిష్యత్తులాగే ఉంటుంది: ఉదయిస్తాడు. ‘రేపు అన్నయ్య వస్తాడు’లో ఉన్నదీ ఇదే రూపమే. కాబట్టి కారణంలో ‘ఉదయిస్తాడు, భవిష్యత్ కాలం’ అని రాస్తే జవాబు ఒప్పు, కారణం తప్పు. కాలం పేరు రూపాన్ని బట్టి కాక వాక్యం చెప్పే విషయాన్ని బట్టి పెట్టాలి. ఇక తోక సంగతి. సూర్యుడు మనిషి కాకపోయినా, సూర్యుడు, చంద్రుడు లాంటి ‘డు’తో ముగిసే దేవతల పేర్లను తెలుగు మహద్వాచకాలుగానే చూస్తుంది. అందుకే ‘డు’.

ఐదో వాక్యంలో ‘రోజూ’ ఉంది, కాబట్టి అలవాటు, కాబట్టి తద్ధర్మం. కానీ ‘రోజూ’ కనబడగానే కళ్ళు మూసుకుని రాసేయకండి. అదే వాక్యం ‘చిన్నప్పుడు తాతగారు రోజూ ఉదయం పత్రిక...’ అని ఉంటే జవాబు ‘చదివేవారు’ అవుతుంది. రెండు కాలసూచనలు ఉన్నప్పుడు ‘రోజూ’ పని ఎన్నిసార్లు జరిగిందో చెబుతుంది, ‘చిన్నప్పుడు’ అది ఏ కాలంలో జరిగిందో చెబుతుంది. మన వాక్యంలో ‘చిన్నప్పుడు’ లేదు, కాబట్టి ‘చదువు’తో ‘తా’ చేరుతుంది.

ఇంకొక జాగ్రత్త. చేసి, చేస్తూ, చేస్తే, పెట్టిన, పిలిచినా లాంటి అసమాపక రూపాలు కాలాన్ని నిర్ణయించవు. వాటికి తోక ఉండదు. ఏడో వాక్యంలో ‘పెట్టిన’, తొమ్మిదిలో ‘వస్తే’, పదిలో ‘పిలిచినా’ ఉన్నాయి. వాటి కింద గీత గీయకండి. ‘రేపు అన్నయ్య పని ముగించుకొని వస్తాడు’ అన్న వాక్యంలో ‘ముగించుకొని’ అనే మాట పని అయిపోయినట్టు వినిపించినా, వాక్యం మొత్తం భవిష్యత్తే. కాలాన్ని తేల్చేది చివరి క్రియ ఒక్కటే.

మూడో అడుగు: తోకను ఎవరు నడిపిస్తున్నారో పట్టుకోండి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఖాళీకి దగ్గరగా ఉన్న మాటనో, వాక్యంలో మొదట వచ్చిన మాటనో కర్త అనుకుని రాసేస్తారు. దీనికి రెండు పరీక్షలు చాలు.

మొదటిది సర్వనామ పరీక్ష. కర్త అనుకున్న మాట తీసేసి అక్కడ అతను, ఆమె, అది, వాళ్ళు, అవి అనే వాటిలో ఏది సహజంగా కుదురుతుందో చూడాలి. ఏది కుదిరితే దాని తోకే రాయాలి.

నాలుగో వాక్యంతో మొదలుపెడదాం. ‘పిల్లలు’ అనే మాట కనబడగానే చెయ్యి దానంతట అదే ‘ఆడుతున్నారు’ అని రాసేస్తుంది. కానీ అక్కడున్నది పిల్లి పిల్లలు. వాటిని ‘వాళ్ళు’ అనం, ‘అవి’ అంటాం. కాబట్టి ‘ఆడుతున్నాయి’. కారణం: ‘పిల్లి పిల్లలు’ అమహద్వాచకం, బహువచనం. (నీతికథల్లో ‘నక్కబావ అన్నాడు’ అని ఉంటుందే అని పిల్లలు అడుగుతారు. అక్కడ నక్కను ‘బావ’ని చేసి వరస కలిపారు కాబట్టి మనిషి తోక వచ్చింది. ఉత్తి నక్కకైతే ‘నక్క అంది’ అనే అంటాం.)

ఆరో వాక్యంలో ‘అమ్మాయిల జట్టు’ ఉంది. అమ్మాయిలు ఎంతమంది ఉన్నా గెలిచింది జట్టు. ‘అమ్మాయిల’ అనేది జట్టుకు విశేషణంలా ముందు నిలబడ్డ మాట, షష్ఠీ విభక్తిలో ఉంది. దాన్ని తీసేసినా వాక్యం నిలబడుతుంది: ‘జట్టు గెలిచింది’. జట్టును ‘అది’ అంటాం కాబట్టి ‘ది’. వాక్యం ‘జట్టులోని అమ్మాయిలు’ అని ఉంటే మాత్రం కర్త అమ్మాయిలు, జవాబు ‘గెలిచారు’. ఒక గుంపుకు పేరైన మాటలన్నీ ఇలాగే ఉంటాయా అంటే లేదు. సైన్యం, జట్టు, సంఘం అనేవి ‘ది’ తోకతో వస్తాయి. ‘జనం’ మాత్రం చూడ్డానికి ఏకవచనంలా ఉన్నా ‘జనం వచ్చారు’ అనే రాస్తాం, ఎందుకంటే మన మనసులో అది ‘వాళ్ళు’. సర్వనామ పరీక్ష పెడితే ఈ తేడా దానంతట అదే బయటపడుతుంది.

ఏడో వాక్యంలో పాలు. ఎంత ఉన్నా పాలను ఒకటి, రెండు అని లెక్కపెట్టలేం, అందుకని ఏకవచనం అనిపిస్తుంది. కానీ మాట బహువచనం: అవి పొంగాయి. నీళ్ళు కూడా ఇంతే, ‘నీళ్ళు కాగాయి’. అదే పదార్థాన్ని ‘నీరు’ అంటే తోక మారిపోతుంది: ‘నీరు కాగింది’. గిన్నె అదే, పొయ్యి అదే, మారింది మాట రూపం ఒక్కటే. కాబట్టి ఇక్కడ వస్తువు ఎన్ని ఉన్నాయన్నది కాదు, పదం ఏ వచనంలో ఉందన్నదే లెక్క. కారణంలో ‘పాలు నిత్య బహువచనం’ అని రాస్తే సరిపోతుంది.

రెండో పరీక్ష మార్పిడి పరీక్ష. అనుమానం ఉన్న మాటను ఏకవచనంగానో బహువచనంగానో మార్చి, తోక కదులుతుందో లేదో చూడాలి. కదిలితే అదే కర్త. ఎనిమిదో వాక్యం దీనికోసమే పెట్టినట్టుంది. ‘మా అన్నయ్యకు ఇద్దరు కూతుళ్ళు...’ వాక్యం అన్నయ్య గురించే కదా అని ‘ఉన్నాడు’ వైపు మొగ్గేవాళ్ళుంటారు. అన్నయ్యను మార్చి చూడండి: నాకు ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు, వాళ్ళకు ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. ఎవరిని పెట్టినా తోక కదల్లేదు. ఇప్పుడు కూతుళ్ళను మార్చండి: మా అన్నయ్యకు ఒక కూతురు ఉంది. కదిలింది. అంటే తోకను నడిపించేది కూతుళ్ళే. జవాబు ‘ఉన్నారు’.

ఈ వాక్యంలో ఒక విభక్తి గుర్తు కూడా ఉంది. తోకను నడిపించే కర్త మామూలుగా ప్రథమా విభక్తిలో ఉంటుంది, దానికి కు, ను, తో, లో లాంటివి తగలవు. ‘అన్నయ్యకు’లో ‘కు’ ఉంది కాబట్టి అది పక్కకు తప్పుకుంటుంది. ‘నాకు ఆ కథలు నచ్చాయి’, ‘పిల్లలకు ఆకలి వేసింది’ అనే వాక్యాలూ ఇదే కోవలోవి. నచ్చింది ఎవరికైనా సరే తోక కథలది. ఆకలి ఎంతమందికి వేసినా తోక ఆకలిది. ‘కింది వాక్యాల్లో తప్పులు సరిదిద్దండి’ అనే భాగంలో ‘నాకు ఆ కథలు నచ్చింది’ లాంటివి ఇస్తారు. పైపైన చదివితే తప్పు కనిపించదు. మార్పిడి పరీక్ష పెడితే వెంటనే దొరుకుతుంది.

ఎనిమిదో ఖాళీకి కాలం సంగతి కూడా ఒక మాట. ‘ఉన్నారు’ చూడ్డానికి ‘తిన్నారు, విన్నారు’ లాంటి భూతకాల రూపంలా ఉంటుంది. కానీ ‘ఉండు’ అనే క్రియకు ఈ రూపం వర్తమానాన్ని చెబుతుంది. ఇప్పుడు ఉన్నారనే అర్థం. ‘చదువుతున్నారు’లో చివర వినబడేది కూడా ఈ ‘ఉన్నారే’. కాబట్టి కారణంలో భూతకాలం అని రాయకండి.

ఐదో వాక్యానికి వద్దాం. తాతగారు ఒక్కరే, మగవారు, కాబట్టి పట్టిక ప్రకారం ‘డు’ రావాలి. కానీ ‘గారు’ చేరగానే గౌరవం కోసం బహువచనం వస్తుంది: చదువుతారు. ఇక్కడ ‘బహువచనం కాబట్టి’ అని మాత్రమే రాస్తే కారణం అసంపూర్ణం. ‘కర్త ఏకవచనమే, గౌరవార్థంలో బహువచన క్రియ’ అని రాయాలి. స్త్రీల విషయంలోనూ ఇంతే. ‘అమ్మమ్మ వచ్చింది’, ‘అమ్మమ్మగారు వచ్చారు’ రెండూ సరైనవే, ‘అమ్మమ్మగారు వచ్చింది’ మాత్రం పొసగదు.

మూడో వాక్యంలో ఇద్దరున్నారు: నేను, మా చెల్లి. నేను ఒక్కడినైతే ‘వెళ్ళాను’, చెల్లి ఒక్కతే అయితే ‘వెళ్ళింది’. కలిపితే? ఖాళీకి దగ్గరగా చెల్లి ఉంది కదా అని ‘వెళ్ళింది’ అనడం కుదరదు. మాట్లాడే మనిషి ఆ జంటలో ఉంటే మొత్తం ‘మేము’ అవుతుంది. మాట్లాడేవాడు లేకుండా వినే మనిషి ఉంటే ‘మీరు’ అవుతుంది: నువ్వూ మీ అన్నయ్యా వచ్చారు. ఇద్దరూ లేకపోతేనే ‘వాళ్ళు’. కాబట్టి జవాబు ‘వెళ్ళాము’. ‘వెళ్ళాం’ అన్నా తప్పు లేదు, ‘వెళ్లాము’ అని రాసినా మార్కు పోదు.

నాలుగో అడుగు: వ్యతిరేక వాక్యాలను విడిగా చూడండి

తొమ్మిది, పది వాక్యాలను చివరికి ఉంచడానికి కారణం ఉంది. వ్యతిరేక క్రియలు ఒక్క పద్ధతిలో నడవవు.

ముందు జరగబోయే పనికో, అలవాటుకో వ్యతిరేకం చెప్పేటప్పుడు తోక ఉంటుంది: నేను వెళ్ళను, మేము వెళ్ళము, అతను వెళ్ళడు, ఆమె వెళ్ళదు, వాళ్ళు వెళ్ళరు. తొమ్మిదో వాక్యంలో ‘రేపు’ ఉంది, కర్త ‘మేము’. కాబట్టి ‘వెళ్ళము’. ఇక్కడ ‘అవి’కి వచ్చే తోక మాత్రం ‘యి’ కాదు, ‘వు’: ‘అవి వెళ్ళవు’. ‘నువ్వు వెళ్ళవు’ అన్నా అదే రూపం. ‘వెళ్ళవు’ అన్న ఒక్క మాట చూసి కర్త నువ్వా, అవా అని చెప్పలేం.

జరగని గతానికి వస్తే తోక పోతుంది. నేను రాలేదు, నువ్వు రాలేదు, అతను రాలేదు, వాళ్ళు రాలేదు. అందరికీ ఒకటే. పదో వాక్యంలో ‘నిన్న’ ఉంది కాబట్టి జవాబు ‘రాలేదు’. ఇన్ని ఖాళీల్లో తోక కలిపి కలిపి అలవాటైన చెయ్యి ఇక్కడ కూడా ‘వాళ్ళు’కి ‘రు’ చేర్చి ‘రాలేరు’ అని రాసేస్తుంది. ‘రాలేరు’ కూడా తెలుగే, అందుకే తప్పు కంటికి ఆనదు. కానీ దాని అర్థం వేరు, వాళ్ళకు వచ్చే వీలు లేదని. అతని విషయంలో ఈ తేడా ఒక్క అక్షరమే: ‘రాలేదు’ అంటే రావడం జరగలేదు, ‘రాలేడు’ అంటే రావడం అతని వల్ల కాదు. దిద్దేవాళ్ళు ఆ ‘ద’, ‘డ’ మధ్యే చూస్తారు, చేతిరాత స్పష్టంగా ఉండాలి.

ప్రస్తుతం జరగని పనికి ‘రావడం లేదు’ అంటాం, అక్కడ కూడా తోక మారదు. అయితే ‘లేదు’ ఒక్కటే వచ్చి ఉనికి లేదని చెప్పినప్పుడు తోకలు తిరిగి వస్తాయి: అతను ఇంట్లో లేడు, వాళ్ళు లేరు, పుస్తకాలు లేవు. అంటే ‘లేదు’ కనబడినప్పుడు అది వేరే క్రియకు అతుక్కుని ఉందా, ఒంటరిగా ఉందా అన్నది ముందు చూసుకోవాలి.

ఐదో అడుగు: కారణం రాసే పద్ధతి

కారణం రెండు చిన్న వాక్యాల్లో రాయండి. ఒకటి కాలానికి, ఒకటి తోకకు. రెండింటిలోనూ ప్రశ్నలో ఉన్న మాటనే ఆధారంగా చూపించాలి. రెండో ఖాళీకి ఇలా రాయొచ్చు:

‘కురుస్తోంది. మూడు రోజులుగా అని ఉంది కాబట్టి పని ఇంకా సాగుతోంది, వర్తమాన కాలం. కర్త వాన, అమహద్వాచకం, ఏకవచనం, కాబట్టి చివర ది.’

పదో ఖాళీకి: ‘రాలేదు. నిన్న అని ఉంది కాబట్టి భూతకాలం. భూతకాల వ్యతిరేక క్రియకు కర్తను బట్టి మార్పు ఉండదు.’ తోక మారకపోవడం కూడా కారణమే, దాన్ని వదిలేయకూడదు.

ఎనిమిదో ఖాళీకి కర్తను నిరూపించాలి కూడా: ‘ఉన్నారు. ఇప్పటి సంగతి కాబట్టి వర్తమానం. అన్నయ్యకు అనేది కు విభక్తిలో ఉంది, కర్త కూతుళ్ళు. మనుషులు, బహువచనం, కాబట్టి చివర రు.’

అన్నీ రాశాక ఒకసారి సరిచూసుకోండి. దీనికి కర్తను చేత్తో మూసి క్రియను మాత్రమే చదవండి. ‘______ ఆడుతున్నాయి’ అని చదివితే మనుషులు గుర్తుకు రాకూడదు. ‘______ వెళ్ళాము’ అని చదివితే ‘మేము’ గుర్తుకు రావాలి. రాసిన క్రియ మూసిన కర్తకు పొసగకపోతే వెంటనే తెలిసిపోతుంది. ఈ పద్ధతి పట్టుకోలేనిది ‘రు’ని. ‘చదువుతారు’ అంటే మీరు, వాళ్ళు, తాతగారు, ముగ్గురూ కుదురుతారు. కాబట్టి ‘రు’ ఉన్న జవాబుల్లో మాత్రం కర్త వైపు నుంచి క్రియ వైపు మళ్ళీ ఒకసారి చదవాలి.

రెండు జవాబులూ ఒప్పయ్యే చోట్లు

‘కురుస్తోంది’ బదులు ‘కురుస్తున్నది’ అని రాసినా ఒప్పే. ‘ఆయన’ కర్తగా ఉంటే ‘వచ్చాడు’ అనీ ‘వచ్చారు’ అనీ రెండూ వాడుకలో ఉన్నాయి, గౌరవం ఎంత చూపుతున్నామన్నదే తేడా. ఇలాంటి చోట ఒక రూపం రాసి, కారణంలో ‘గౌరవార్థంలో’ అనో ‘ఏకవచనంగా’ అనో ఒక్క మాట చేర్చండి. ఆ మాట ఉంటే దిద్దేవారికి మీరు ఏది అనుకుని రాశారో తెలుస్తుంది. ఒక ఖాళీలో గౌరవం ఇచ్చి, అదే మనిషికి కింది ఖాళీలో తీసేస్తే మాత్రం తప్పు కిందే లెక్క.

మనిషినీ జంతువునీ కలిపి కర్తను చేసిన వాక్యాలు అరుదుగా వస్తాయి: ‘రైతూ ఎద్దులూ పొలం నుంచి ______.’ ‘వచ్చారు’ అంటే ఎద్దుల దగ్గర కలుక్కుమంటుంది, ‘వచ్చాయి’ అంటే రైతు దగ్గర. ఖాళీ నింపక తప్పకపోతే నేనైతే మనిషి ఉన్నాడు కాబట్టి ‘వచ్చారు’ రాసి అదే కారణం చూపిస్తాను. వాక్యం మార్చి రాసే వీలుంటే ‘రైతు ఎద్దులతో పొలం నుంచి వచ్చాడు’ అని రాయడం మేలు. ‘ఎద్దులతో’ అనగానే ఎద్దులకు ‘తో’ తగిలి కర్త ఒక్కటే మిగులుతుంది, తోక రైతుది అవుతుంది.